సగం పనిచేసే సైట్‌కి పూర్తి ఫిర్యాదు

వెబ్‌సైట్ చేయించుకున్న వాళ్లలో చాలామంది ఫిర్యాదు ఫోన్‌లోనే మొదలై ఫోన్‌లోనే ముగుస్తుంది. "ఏంటి బాబూ, ఇన్నాళ్లా?" అని ఇటునుంచి, "అయిపోయిందండీ, చిన్న పని మిగిలింది, రేపు పొద్దున్నే ఇచ్చేస్తా" అని అటునుంచి. ఆ రేపు చాలాసార్లు వస్తుంది. ఆఖరికి సైట్ కూడా వస్తుంది. తెరిస్తే బొమ్మలన్నీ బాగానే ఉంటాయి. కొనబోతేనే తెలుస్తుంది ఎంతవరకు పనిచేస్తోందో. అప్పుడు మళ్లీ ఫోన్, మళ్లీ అరుపులు. ఈ అరుపుల్లో ఒక్కటీ రేపు లెక్కకు రాదు. కాగితం మీదో మెయిల్‌లోనో ఉన్నదే ఫిర్యాదు. అది ఎప్పుడు రాశారు, అందులో ఏం రాశారు అన్నదాన్ని బట్టే మీ డబ్బు, మీ హక్కు నిలబడతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రాజమండ్రిలో ఇంటి దగ్గరే పిండివంటలు చేసి అమ్మే ఒకావిడ ఉన్నారనుకోండి. అరిసెలు, జంతికలు, సున్నుండలు, పూతరేకులు. ఆర్డర్లు వాట్సాప్‌లో తీసుకుంటారు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి ఒకేసారి మెసేజ్‌లు వచ్చిపడి ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో తెలియక తలనొప్పి. అందుకని అక్టోబర్ 10న ఒక ఫ్రీలాన్స్ డెవలపర్‌తో మాట్లాడుకున్నారు. మొత్తం అరవై వేలు. అడ్వాన్సు 24 వేలు, డిజైన్ చూపించాక 24 వేలు, సైట్ అప్పగించాక చివరి 12 వేలు. డిసెంబర్ 15కల్లా సైట్ నడవాలి. "సంక్రాంతి ఆర్డర్లు సైట్‌లోనే తీసుకోవాలి, అందుకే చేయిస్తున్నాను" అని ఆవిడ ఒక మెసేజ్‌లో రాశారు కూడా. ఆ మెసేజ్ గుర్తుంచుకోండి, ఈ కథలో దాని విలువ పెద్దది.

సైట్ జనవరి 8న చేతికొచ్చింది. ఇరవై నాలుగు రోజుల ఆలస్యం. పండక్కి కొరియర్‌లో పంపాల్సిన సరుకు ఆర్డర్లు అప్పటికే ముగింపుకి వచ్చాయి. పోనీ వచ్చిన సైటైనా సరిగ్గా ఉందా?

మొదటి రోజే ఒక కస్టమర్ ఫోన్ చేసి, "డబ్బు కట్టానండీ, సైట్‌లో చూస్తే ఆర్డర్ క్యాన్సిల్ అని ఉంది" అన్నాడు. ఈ తప్పు దగ్గర కాసేపు ఆగుదాం. సగం పనిచేసే సైట్లలో తరచూ కనబడేది ఇదే. పైగా కస్టమర్ డబ్బుతో ముడిపడినది కాబట్టి అన్నిటికంటే ప్రమాదకరమైనదీ ఇదే.

మనం సైట్‌లో యూపీఐతో కట్టేటప్పుడు పని బ్రౌజర్‌లోంచి ఫోన్‌లోని యూపీఐ యాప్‌కి వెళుతుంది. పిన్ కొట్టాక కొందరు తిరిగి బ్రౌజర్‌కి వస్తారు, చాలామంది రారు. డబ్బు వెళ్లిపోయిందిగా అని ఫోన్ జేబులో పెట్టుకుంటారు. మరి డబ్బు వచ్చిందని సైట్‌కి ఎలా తెలియాలి? పేమెంట్ గేట్‌వే తనంతట తానుగా సైట్‌కి నేరుగా కబురు పంపాలి. ఆ ఏర్పాటునే వెబ్‌హుక్ అంటారు. గేట్‌వే డ్యాష్‌బోర్డులో సైట్ చిరునామా ఒకటి, రహస్య పదం ఒకటి నమోదు చేస్తే సరిపోతుంది. తెలిసినవాడికి అది గంటలోపు పని. దాన్ని మరిచిపోతే, కట్టాక బ్రౌజర్‌కి తిరిగొచ్చినవాళ్ల ఆర్డర్లు మాత్రమే సరిగ్గా నమోదవుతాయి. తక్కినవి డబ్బు అందినా సైట్‌లో "Pending payment" అనే ఉండిపోతాయి. ఈవిడ సైట్ వర్డ్‌ప్రెస్ మీద వూకామర్స్‌తో చేసింది. అందులో స్టాకు లెక్క పెట్టుకుంటే, డబ్బు రాని ఆర్డర్‌ని అరవై నిమిషాలు చూసి దానంతటదే రద్దు చేసేయడం మొదటినుంచీ ఉండే అమరిక. అలా ఆవిడ ఖాతాలో డబ్బు పడింది, కస్టమర్ ఆర్డర్ మాత్రం రద్దయిపోయింది. డెవలపర్ తన ల్యాప్‌టాప్‌లో పరీక్షించినప్పుడు ప్రతిసారీ పేజీ మూయకుండా చివరిదాకా కూర్చుని ఉంటాడు. అందుకే "నా దగ్గర పనిచేస్తోందండీ" అన్నాడు. అది అబద్ధం కాదు. కానీ కస్టమర్లు అతనిలా కూర్చోరు.

దీన్ని ఎవరైనా పరీక్షించవచ్చు. పది రూపాయల వస్తువు ఒకటి సైట్‌లో పెట్టి, ఫోన్‌లోంచి ఆర్డర్ చేసి, యూపీఐ యాప్‌లో పిన్ కొట్టగానే బ్రౌజర్‌కి తిరిగి రాకుండా దాన్ని మూసేయండి. పది నిమిషాల తర్వాత గేట్‌వే డ్యాష్‌బోర్డూ సైట్‌లోని ఆర్డర్ల జాబితా పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ డబ్బు వచ్చినట్టు, ఇక్కడ రానట్టు ఉంటే జబ్బు దొరికినట్టే.

ఇంకో తప్పు ఇంత గోల చేయదు, నెలల తరబడి కనబడదు. గూగుల్‌లో దుకాణం పేరు కొట్టినా సైట్ రావడం లేదు. సైట్ తయారవుతున్నప్పుడు జనం కంట పడకుండా వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో "Discourage search engines from indexing this site" అనే గడిలో టిక్కు పెడతారు. అప్పగించేటప్పుడు తీయాలి. తీయలేదు. కంప్యూటర్‌లో మీ సైట్ తెరిచి Ctrl+U కొట్టి, వచ్చిన పేజీలో noindex అనే మాట వెతకండి. ఇలాంటి వరస కనబడితే టిక్కు అలాగే ఉందన్నమాట:

```
<meta name='robots' content='noindex, nofollow' />
```

మూడోది, కొత్త ఆర్డర్ వచ్చినప్పుడు దుకాణదారుకి రావాల్సిన మెయిల్ డెవలపర్ చిరునామాకే వెళుతోంది. నాలుగోది కొరియర్ ఖర్చు. కిలో జంతికలకీ ఐదు కిలోలకీ ఒకటే ఛార్జీ పడుతోంది. ఈ నాలుగోది ఆవిడ తప్పు. ఒక్కో వస్తువు ప్యాకింగ్‌తో కలిపి ఎంత బరువుందో చెప్పమని డెవలపర్ నవంబర్‌లోనే రెండుసార్లు అడిగాడు. ఆవిడ చెప్పలేదు.

ఇక్కడే మంచి ఫిర్యాదుకీ వట్టి కోపానికీ తేడా వస్తుంది. ఆవిడ రాయడం మొదలుపెట్టేముందు వాట్సాప్ మొత్తం పైనుంచి కిందికి చదవాలి. చదివితే ఇంకో రెండు సంగతులు బయటపడతాయి. ఫొటోలూ ధరల పట్టికా నవంబర్ 5కి ఇస్తానని ఆవిడ 20న ఇచ్చారు. డిసెంబర్ 2న "తెలుగులో కూడా సైట్ కావాలి" అని కొత్త పని ఒకటి అడిగారు, దానికి డబ్బు మాట్లాడలేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 67వ సెక్షన్ ఉన్నది ఇందుకే. పని చేయించుకునేవాళ్లు తామివ్వాల్సిన సదుపాయం ఇవ్వకపోతే, దానివల్ల ఆగిన పనికి చేసేవాడిది బాధ్యత కాదు. కాబట్టి ఇరవై నాలుగు రోజులూ అతని నెత్తిన వేస్తే, మొదటి జవాబులోనే అతను నవంబర్ స్క్రీన్‌షాట్ పెడతాడు. ఆ తర్వాత మీరు చెప్పే నిజమైన తప్పులు కూడా పలచబడతాయి. దానికి బదులు ఆవిడే ముందుగా, "నావల్ల పదిహేను రోజులు పోయాయి, ఆ లెక్కన డిసెంబర్ 30కి రావాలి, వచ్చింది జనవరి 8న" అని రాస్తే మిగిలిన తొమ్మిది రోజులకి అతని దగ్గర జవాబుండదు. తెలుగు పేజీల పనిని ఈ ఫిర్యాదులోంచి తీసేయాలి. అది వేరే బేరం.

ఇక తేదీ సంగతి. పని ఆలస్యమైతే ఏం చేయొచ్చో కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. గడువే ఆ ఒప్పందానికి ప్రాణం అని ఇద్దరూ అనుకుని ఉంటే, గడువు దాటగానే ఒప్పందం వద్దనుకునే హక్కు మీకు వస్తుంది. గడువు అంత ముఖ్యం కాకపోతే వద్దనలేరు గానీ, ఆలస్యంవల్ల జరిగిన నష్టం అడగొచ్చు. మామూలుగా వెబ్‌సైట్ పనుల్లో తేదీలు అటూ ఇటూ అవుతాయి కాబట్టి గడువే ప్రాణం అని రుజువు చేయడం కష్టం. సంక్రాంతి కోసమే అని రాసిన ఆ అక్టోబర్ మెసేజ్ ఇక్కడ పనికొస్తుంది. పండగ తేదీ ఎవరూ జరపలేరు కదా.

అదే సెక్షన్‌లో మూడో భాగం ఒకటుంది. దాన్ని లాయర్లు తప్ప ఎవరూ చదవరు. గడువు దాటాక ఇచ్చినదాన్ని మీరు ఒప్పుకుని పుచ్చుకుంటే, ఆలస్యానికి నష్టపరిహారం తర్వాత అడగలేరు. పుచ్చుకునే సమయంలోనే, అడిగే ఉద్దేశం ఉందని అవతలివాడికి తెలియజేస్తే మాత్రం ఆ హక్కు నిలుస్తుంది. జనవరి 8న సైట్ లింకు వచ్చినప్పుడు ఆవిడ "థాంక్యూ బాబూ, చూసి చెప్తా" అని దండం బొమ్మ పెట్టారనుకోండి. మర్యాదే, తప్పు లేదు. కానీ దాని పక్కనే ఇంకో వాక్యం ఉండాలి: "ఆలస్యంగా వచ్చినా చూడటానికి తీసుకుంటున్నాను. ఆలస్యంవల్ల నాకు జరిగిన నష్టం అడిగే హక్కు వదులుకోవడం లేదు." వాట్సాప్‌లో అయినా సరే, ఆ రోజే వెళ్లాలి.

ఇంకో గడువు కూడా ఉంది, ఇది డెవలపర్ వైపున ఉండే చట్టం. అతను ఉద్యమ్‌లో నమోదైన సూక్ష్మ సంస్థ అయితే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం అతనికి వర్తిస్తుంది. సేవ అందిన పదిహేను రోజుల్లో మీరు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజునే ఒప్పుకున్నట్టు లెక్క. అక్కడినుంచి ఎంత ఆలస్యమైనా నలభై ఐదు రోజుల్లోపు బాకీ కట్టాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. పదిహేను రోజుల్లోపు అభ్యంతరం రాస్తే, అతను దాన్ని సరిచేసిన రోజునుంచే లెక్క మొదలవుతుంది. మన ఉదాహరణలో ఆ గడువు జనవరి 23. నోటితో ఎన్నిసార్లు తిట్టినా ఈ చట్టం దృష్టిలో అభ్యంతరం చెప్పినట్టు కాదు.

రాసేముందు చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది దీన్ని తర్వాత చేసి ఏడుస్తారు. సైట్ ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలి. డొమైన్ పేరు కొన్న ఖాతా మీదా, డెవలపర్‌దా? హోస్టింగ్ బిల్లు ఎవరి మెయిల్‌కి వస్తోంది? వర్డ్‌ప్రెస్‌లో Users జాబితా తెరిస్తే మీ పేరు పక్కన Administrator అని ఉందా, Shop manager అని ఉందా? చౌకగా పడుతుందని డొమైన్‌ని అతని ఖాతాలోనే కొననిచ్చినవాళ్లు ఎక్కువ. తగాదా ముదిరాక అతను ఫోన్ ఎత్తడం మానేస్తే, మీ దుకాణం బోర్డు అతని ఇంట్లో ఉండిపోయినట్టే. మాట ఇంకా మంచిగా ఉన్నప్పుడే డొమైన్‌ని మీ ఖాతాకి మార్పించుకోండి. సైట్ ఫైళ్లూ డేటాబేసూ కలిపి ఒక బ్యాకప్ మీ దగ్గర పెట్టుకోండి.

అలాగని కోపంలో అతని పాస్‌వర్డ్ మార్చి బయటికి నెట్టేయకండి. సరిచేసే అవకాశం ఇవ్వలేదని అతను అనగలిగితే తప్పు మీవైపుకి తిరుగుతుంది. ముందు గడువు ఇవ్వాలి. అది దాటాకే తలుపు వేయాలి.

ఇప్పుడు ఫిర్యాదు. ఆవిడ రెండు రోజులు సైట్ పరీక్షించి జనవరి 11న మెయిల్ పంపారనుకుందాం. అందులో ముఖ్యభాగం ఇలా ఉంటే చాలు:

"…గారికి, నమస్కారం. మన ఒప్పందం ప్రకారం సైట్ డిసెంబర్ 15కి సిద్ధం కావాలి. ఫొటోలు, ధరలు నేను పదిహేను రోజులు ఆలస్యంగా ఇచ్చాను కాబట్టి డిసెంబర్ 30 గడువుగా లెక్క వేస్తున్నాను. సైట్ జనవరి 8న అందింది. ఆలస్యంవల్ల నష్టం అడిగే హక్కు నిలుపుకుంటూ తీసుకున్నానని ఆ రోజే మెసేజ్ పెట్టాను.

జనవరి 9 సాయంత్రం 6:20కి ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్‌తో అరకిలో అరిసెలు ఆర్డర్ చేసి, యూపీఐతో రూ.320 కట్టి, బ్రౌజర్ మూసేశాను. గేట్‌వేలో డబ్బు అందినట్టు ఉంది. సైట్‌లో అదే ఆర్డర్ Pending payment అని ఉండి, గంట తర్వాత Cancelled అయింది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఇంతే. స్క్రీన్‌షాట్లు జతచేశాను. గేట్‌వేలో వెబ్‌హుక్ జాబితా ఖాళీగా ఉంది.

గూగుల్‌కి సైట్ కనబడకుండా noindex అలాగే ఉంది. కొత్త ఆర్డర్ల మెయిల్ మీ చిరునామాకి వెళుతోంది. వస్తువుల బరువులు ఈ మెయిల్‌తో పంపుతున్నాను, ఇవి ఆలస్యం కావడం నావల్లే.

డబ్బు చెల్లింపు సమస్య జనవరి 17లోపు, తక్కినవి 25లోపు సరిచేయగలరు. అప్పటివరకు చివరి వాయిదా రూ.12,000 ఆపుతున్నాను. సరిచేయకపోతే వేరేవారితో చేయించుకుని ఆ ఖర్చు ఇందులోంచి తగ్గిస్తాను."

ఇందులో ఎక్కడా "మోసం", "దారుణం" లాంటి మాటలు లేవు. "సైట్ అస్సలు పనిచేయడం లేదు" అని కూడా లేదు. పనిచేయడం లేదు అంటే డెవలపర్ తెరిచి చూసి "పనిచేస్తోందిగా" అంటాడు, మీరిద్దరూ మళ్లీ ఫోన్ దగ్గరికి చేరతారు. ఏ ఫోన్, ఏ సమయం, ఏం నొక్కారు, ఏం రావాలి, ఏం వచ్చింది అనేది రాస్తే అతను తన దగ్గర అదే వరసలో చేసి చూసుకోగలడు. సగం తగాదాలు ఇక్కడే తెగిపోతాయి. నిజానికి చాలామంది కుర్రాళ్లు ఎగ్గొట్టాలని ఎగ్గొట్టరు. ఒకేసారి నాలుగు పనులు ఒప్పుకుని ఎక్కడికక్కడ సగం చేసినవాళ్లే ఎక్కువ. స్పష్టంగా రాసిన జాబితా ఎవరిదైతే వాళ్ల పనే వాళ్లు ముందు చేస్తారు.

నష్టం ఎంత అడగాలి? ఆశ పెరిగేది ఇక్కడే. "సంక్రాంతికి నాలుగు లక్షల వ్యాపారం పోయింది" అని రాయాలనిపిస్తుంది. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ఒప్పుకునేది ఒప్పందం తప్పడంవల్ల సహజంగా జరిగే నష్టాన్ని, లేదా తప్పితే ఈ నష్టం వస్తుందని ఒప్పందం నాటికే ఇద్దరికీ తెలిసినదాన్ని. దూరపు నష్టాలు లెక్కలోకి రావు. పైగా ఆ నష్టాన్ని తగ్గించుకునే దారి మీకు ఉండిందా అనేది కూడా చూస్తారు. ఈవిడ ఎప్పటిలాగే వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకున్నారు, తీసుకోవాలి కూడా. కాబట్టి పోయిన వ్యాపారం ఎంతో రుజువు చేయడం చాలా కష్టం. రుజువయ్యేవి చిన్న చిన్నవి. సైట్ క్యూఆర్ కోడ్, సంక్రాంతి ఆఫర్ అచ్చువేయించి పారేసిన కరపత్రాల బిల్లు, రద్దయిన ఆర్డర్లకి డబ్బు తిరిగి పంపిన లెక్క, వేరే డెవలపర్‌కి ఇచ్చిన రుసుము. ఇవన్నీ కలిపినా ఆ 12 వేలకి అటూ ఇటూగానే తేలవచ్చు. అందుకే చివరి వాయిదా చేతిలో ఉండటం ఏ సెక్షన్ కంటే కూడా బలం. నన్నడిగితే ఇరవై శాతం కూడా తక్కువే. మూడో వంతు ఆపుకునేలా మాట్లాడుకోవాలి, అదీ సైట్ అప్పగించాక కాదు, పదిహేను రోజులు నడిచాక.

మాట వినకపోతే తర్వాతి మెట్టు లాయరు నోటీసు. చాలా చిన్న తగాదాలు అక్కడే సర్దుబాటు అవుతాయి. వినియోగదారుల కమిషన్ గురించి అందరూ అడుగుతారు. జిల్లా కమిషన్‌లో ఐదు లక్షల లోపు కేసులకి రుసుము లేదు, 1915కి ఫోన్ చేస్తే సలహా దొరుకుతుంది. కానీ వ్యాపారం కోసం తీసుకున్న సేవ కాబట్టి మీరు వినియోగదారే కారని అవతలివాళ్లు మొదటిమాటగా అంటారు. స్వయం ఉపాధితో బతికేవాళ్లకి మినహాయింపు ఉన్నా, 2019 చట్టంలో ఆ వివరణ కొన్న వస్తువుల గురించి మాట్లాడుతుంది. సేవ అనేసరికి వాదించుకోవాల్సి వస్తుంది. పెళ్లి శుభలేఖ సైటో సొంత ఫొటోల సైటో అయితే ఈ చిక్కు లేదు. వ్యాపారపు సైట్‌కి సివిల్ కోర్టు ఉంది, మూడేళ్ల గడువు ఉంది, కానీ పన్నెండు వేల కోసం అక్కడికి వెళ్లడం లాభం కాదు. పోలీసు స్టేషన్ మాట మరిచిపోండి. మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించలేకపోతే ఇది సివిల్ తగాదా అనేస్తారు.

ఏ మెట్టు ఎక్కినా ఆధారం మీ ఫోన్‌లోనే ఉంటుంది. డెవలపర్‌తో చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే అమరిక ఉంటే ఇవాళే తీసేయండి. చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌కి పంపుకోండి. ఫోన్ మార్చినా పాతది పారేయకండి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టం ప్రకారం, ఇలాంటి చాట్ ప్రింటు కోర్టులో పెట్టాలంటే 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. అది ఏ పరికరంలోంచి వచ్చిందో అందులో చెప్పాల్సి ఉంటుంది. స్క్రీన్‌షాట్ ఒక్కటే ఎవరో పంపితే తెచ్చానంటే చాలదు.

మీ సైట్ కూడా ఇలాగే సగంలో చేతికొచ్చి ఉంటే, వచ్చిన తేదీ ఒకసారి చూసుకోండి. పదిహేను రోజులు ఇంకా దాటకపోతే ఫోన్ పక్కన పెట్టి ఈ రాత్రే మెయిల్ రాయండి. దాటిపోయినా రాయండి. అప్పటికి వెనకటి ఆలస్యం గురించి మీ బలం కొంత తగ్గి ఉంటుంది గానీ, పనిచేయని యూపీఐ బటన్ గురించి ఏమీ తగ్గదు.